క్యామ్ లాక్, డోవెల్, కన్‌ఫర్మాట్ స్క్రూ: ఊగుతున్న పార్టికల్ బోర్డు బీరువా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డబ్బాలో ముక్కలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే బీరువాలు, టీవీ యూనిట్లు, స్టడీ టేబుళ్లు కొన్నాళ్లకి ఊగడం మొదలుపెడితే దాదాపు అందరూ చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ తెచ్చి కనపడ్డ క్యామ్‌నల్లా గట్టిగా తిప్పడం. చాలా జాయింట్లు పూర్తిగా పాడయ్యేది కూడా అప్పుడే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఏది వదులైందో ఎలా కనుక్కోవాలి, బెజ్జం గుల్లయితే మళ్లీ పట్టు ఎలా తేవాలి అన్న వాటి మీదే రాశాను. అంతా 16 లేదా 18 మి.మీ. పార్టికల్ బోర్డుని దృష్టిలో పెట్టుకుని చెప్పింది.

అసలు ఈ మూడింటిలో ఏది ఏం పని చేస్తుంది?

క్యామ్ లాక్‌ని మన కార్పెంటర్లు మినీఫిక్స్ అంటారు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి నిలువు చెక్కలోకి మరలతో దిగే బోల్టు, దాని చివర చిన్న బొడిపె. రెండోది అడ్డ చెక్కలో గుండ్రటి గుంటలో కూర్చునే క్యామ్, ఇది సాధారణంగా 15 మి.మీ. వెడల్పు ఉంటుంది. క్యామ్‌ని తిప్పితే దాని లోపలి వంపు గాడి ఆ బొడిపెని పట్టుకుని లోపలికి లాగుతుంది, రెండు చెక్కలూ దగ్గరికి వస్తాయి. అది చేసే పని అంతే, లాగి పట్టుకోవడం.

చెక్కలు పక్కకి, కిందికి జరగకుండా ఆపేది డోవెల్, అంటే ఆ చిన్న చెక్క పుల్ల. ఎక్కువ వాటిలో 8 మి.మీ. మందం, 30 మి.మీ. పొడవు ఉంటుంది. చాలామంది దీన్ని బిగించేటప్పుడు సాయానికి ఇచ్చారనుకుని ఒకటి రెండు వదిలేస్తారు. అది లేకపోతే అరలో పెట్టిన బరువంతా సన్నటి బోల్టు మీద పడుతుంది, బోల్టు చుట్టూ ఉన్న పొట్టు నలిగిపోతుంది.

కన్‌ఫర్మాట్ అనేది లావుపాటి మరల స్క్రూ, సాధారణంగా 7 మి.మీ. మందం, 50 మి.మీ. పొడవు, తల మీద అలెన్ కీ పెట్టే ఆరు పలకల గుంట ఉంటుంది. ఇది బయటి నుంచి నిలువు చెక్కని దాటుకుని అడ్డ చెక్క అంచులోకి దిగుతుంది. లాగడం, బరువు మోయడం రెండూ ఇదే చేస్తుంది, అందుకే క్యామ్ కంటే గట్టిది. తల మాత్రం బయటికి కనిపిస్తుంది, దాని మీద ప్లాస్టిక్ మూత పెట్టుకోవాలి.

ఊగుతోంది సరే, ఏది వదులైందో ఎలా తెలుస్తుంది?

బీరువా ఖాళీ చేయండి. ఒకరు పై మూల పట్టుకుని పక్కకి మెల్లగా నెట్టి వదులుతూ ఉంటే ఇంకొకరు తలుపులు తీసి లోపల ఒక్కో జాయింటునే చూడాలి. నెట్టినప్పుడు రెండు చెక్కల మధ్య సందు తెరుచుకుని మూసుకుంటుంటే క్యామో బోల్టో వదులు. సందు తెరుచుకోకుండా ఒక చెక్క రెండోదాని మీద మిల్లీమీటరో రెండో జారుతుంటే డోవెల్ విరిగిందో, అసలు లేదో. జాయింట్లన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తూ మొత్తం బీరువా ఒక పక్కకి వాలుతుంటే తప్పు వెనక చెక్కది.

ఈ మూడోది చాలామందికి తట్టదు. వెనక ఉండేది 3 మి.మీ. పలుచటి రేకులాంటి బోర్డే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. కానీ నాలుగు మూలలూ మూలమట్టంగా నిలబడేది దాని వల్లే. నాలుగు పక్కలా క్యామ్‌లు ఎంత బిగించినా వెనక చెక్క మేకులు ఊడిపోయి ఉంటే బీరువా పక్కకి ఒరుగుతూనే ఉంటుంది, ఒరిగిన ప్రతిసారీ బోల్టులు వాటి బెజ్జాల్ని ఇంకొంచెం పెద్దవి చేస్తాయి. క్యామ్ బిగించిన వారానికే మళ్లీ వదులవుతోంది అంటే ముందు వెనక్కి వెళ్లి చూడండి.

క్యామ్ ఎంతవరకు తిప్పాలి?

సుమారు అర చుట్టు, అంటే 180 డిగ్రీలు లేదా ఇంకొంచెం. మొదట క్యామ్ మీదున్న బాణం గుర్తు బోల్టు వచ్చే అంచు వైపు చూడాలి. చెక్కలు చేత్తో పూర్తిగా దగ్గరికి నొక్కాక అప్పుడు తిప్పాలి. సందు అలాగే ఉంచి, క్యామే లాక్కుంటుందిలే అనుకోవద్దు, అది లాగగలిగేది చాలా తక్కువ దూరం. చేత్తో తిప్పే స్క్రూడ్రైవరే వాడండి, బ్యాటరీ డ్రిల్ వద్దు. క్యామ్‌లు జింకు మిశ్రమంతో పోతపోసినవి, కాబట్టి వంగవు, విరుగుతాయి. గట్టిపడ్డాక ఇంకా బలంగా తిప్పితే గాడి అంచు విరుగుతుంది లేదా బోల్టు మరలు చెక్కలోంచి పీక్కుని వస్తాయి.

క్యామ్ ఎంత తిప్పినా పట్టుకోకుండా తిరుగుతూనే ఉంది. ఎందుకు?

క్యామ్‌ని బయటికి తీసి గుంటలోకి చూడండి, బోల్టు బొడిపె గుంట మధ్యలో కనపడాలి. అస్సలు కనపడకపోతే బోల్టు నిలువు చెక్కలోకి మరీ లోపలికి పోయిందన్నమాట. బోల్టుకి మరలు అయిపోయే చోట చిన్న అంచు ఉంటుంది, అది చెక్క ఉపరితలం మీద ఆనాలి. చుట్టూ ఉన్న పొట్టు నలిగిపోయి ఉంటే ఆ అంచు లోపలికి దిగబడిపోతుంది.

బొడిపె కనపడుతోంది కానీ గుంట మధ్యకి కాకుండా పైకో కిందికో ఉందంటే క్యామ్ తప్పు సైజు అయ్యుండొచ్చు. బోల్టు బోర్డు మందానికి సరిగ్గా మధ్యలో వస్తుంది: 16 మి.మీ. బోర్డుకి 8 దగ్గర, 18కి 9 దగ్గర. 16 మందానికి చేసిన క్యామ్‌ని 18 బోర్డులో పెడితే ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే బొడిపె గాడిలో సరిగా కూర్చోదు. బొడిపె సరైన చోటే ఉన్నా తిరుగుతోందంటే క్యామ్ గాడి అరిగిందో విరిగిందో, కొత్తది వేయడమే.

బోల్టు బెజ్జం గుల్లయింది, బోల్టు చేత్తో లాగితే వచ్చేస్తోంది. ఏం చేయాలి?

అందరూ పడే ఇబ్బంది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు పెట్టి బోల్టు దూర్చడం వద్దు. తలుపు కబ్జాల స్క్రూలకి అది కొన్నాళ్లు పనిచేయొచ్చు, కానీ క్యామ్ బోల్టు నిటారుగా, సరిగ్గా మధ్యలో నిలబడాలి. పుల్ల ఒక పక్కన చేరితే బోల్టు రెండో పక్కకి ఒరుగుతుంది, బొడిపె క్యామ్ గాడికి అందదు.

నికరమైన పద్ధతి ఆ బెజ్జాన్ని పెద్దది చేసి చెక్క డోవెల్‌తో పూడ్చి, మళ్లీ 5 మి.మీ. బెజ్జం వేయడం. ఇందుకు 10 మి.మీ. డోవెల్ తీసుకోండి, 8ది వద్దు. బోల్టు మరల బయటి కొలత 6 మి.మీ. పైనే ఉంటుంది, 8 మి.మీ. పుల్లలోకి అది దిగితే చుట్టూ మిగిలే చెక్క ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, నిలువునా చీలిపోతుంది.

డ్రిల్ పెట్టే ముందు పెన్సిల్‌తో బెజ్జం మధ్య నుంచి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, బెజ్జానికి ఇటూ అటూ అంగుళం దాకా గీతలు గీయండి. పూడ్చిన తర్వాత మధ్య బిందువు మళ్లీ దొరకాలంటే ఆ గీతలే ఆధారం. బెజ్జం ఇప్పటికే ఒక పక్కకి తిని ఉంటే దాని మధ్యని నమ్మకండి, పక్కనే బాగున్న బోల్టు అంచు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి ఆ కొలతతో గీయండి.

10 మి.మీ. బిట్ మీద మొన నుంచి 12 మి.మీ. దగ్గర టేపు చుట్టండి. 18 మి.మీ. బోర్డులో అంతకంటే లోతుకి వెళ్తే అవతలి లామినేట్ మీద బొడిపె లేచే ప్రమాదం ఉంది, మొన పొడుచుకొచ్చే బిట్ అయితే ఇంకా జాగ్రత్త. 16 బోర్డైతే 10 చాలు. గుల్ల బెజ్జంలో బిట్ అటూ ఇటూ జారుతుంది కాబట్టి ఒక మందపాటి చెక్క ముక్కలో ముందే నిటారుగా 10 మి.మీ. బెజ్జం వేసుకుని, దాన్ని గీతల మీద సరిగ్గా పెట్టి క్లాంప్ బిగించి అందులోంచి డ్రిల్ చేయండి.

పొట్టు అంతా ఊది, బ్రష్‌తో దులిపి, బెజ్జం గోడలకి ఫెవికాల్ బాగా పట్టించి రెండు మూడు నిమిషాలు ఇంకనివ్వండి. మళ్లీ కొంచెం రాసి డోవెల్‌ని చిన్న సుత్తితో అడుగు తగిలేదాకా దించండి. గీతలున్న డోవెల్ మేలు, లోపల చిక్కుకున్న గాలి, ఎక్కువైన జిగురు ఆ గీతల గుండా పైకి వస్తాయి. పైకి వచ్చిన జిగురుని తడిగుడ్డతో తుడిచేసి ఒక రోజంతా వదిలేయండి, వానాకాలమైతే ఇంకో పూట ఎక్కువే.

మర్నాడు మిగిలిన పుల్లని సన్న రంపంతో కోసేయండి, లామినేట్ గీసుకోకుండా కింద పాత విజిటింగ్ కార్డు పెట్టుకుంటే చాలు. గీతలు కలిపి మధ్య బిందువు దగ్గర గుల్ల పడేలా మేకుతో చిన్న దెబ్బ కొట్టి, ముందు 3 మి.మీ., తర్వాత 5 మి.మీ. బిట్‌తో, పాత బోల్టు మరలు ఎంత పొడవున్నాయో అంత లోతుకి డ్రిల్ చేయండి. బోల్టుని చేత్తో తిప్పుతూ అంచు చెక్కకి ఆనగానే ఆపేయండి.

దీనికి బదులు ఇంకో మార్గం లేదా?

ఉంది. 10 మి.మీ. నైలాన్ స్లీవ్, దానిలోకి దిగే 6 మి.మీ. మెషిన్ మరల బోల్టు కలిపి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. అదే 10 బెజ్జంలో స్లీవ్ దించి బోల్టు బిగిస్తే అయిపోతుంది, జిగురు ఆరేదాకా ఆగక్కర్లేదు. తరచూ ఇల్లు మారేవాళ్లకి ఇదే నయం, ఎన్నిసార్లు విప్పి బిగించినా బోర్డు అరగదు. ఒక్క షరతు, బెజ్జం గోడలు గట్టిగా ఉండాలి. చుట్టూ పొట్టు రాలుతుంటే స్లీవ్‌కీ పట్టు ఉండదు.

ఒక బీరువా మీద మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తారా?

రెండు తలుపుల బీరువా, 900 మి.మీ. వెడల్పు, 1980 ఎత్తు, 18 మి.మీ. లామినేట్ చేసిన పార్టికల్ బోర్డు అనుకుందాం. ఇల్లు మారేటప్పుడు విప్పకుండా నిలబెట్టే పక్కకి నెట్టుకుంటూ తీసుకొచ్చారు. ఇప్పుడు తలుపులు మూస్తే రెండింటి పై అంచులూ కలవడం లేదు, ఒకటి 4, 5 మి.మీ. కిందికి ఉంది. కబ్జాల స్క్రూలు తిప్పి సరిచేయాలనిపిస్తుంది, కానీ ఇది కబ్జాల తప్పు కాదు.

వెనక నుంచి మూల నుంచి ఎదుటి మూలకి టేపు పెట్టారు. ఒక వైపు 2179, రెండో వైపు 2171. ఈ కొలతల బీరువాలో 8 మి.మీ. తేడా అంటే పైభాగం సుమారు ఒక సెంటీమీటరు పక్కకి ఒరిగిందని అర్థం, తలుపుల్లో కనిపించిన తేడా కూడా దానికి సరిపోతుంది. నెట్టి చూస్తే కుడి వైపు అడుగు జాయింటు ముందు భాగంలో సందు తెరుచుకుంటోంది, వెనక చెక్క కింది మేకులు మూడు నాలుగు బయటికి వచ్చి ఉన్నాయి. అంటే నెట్టుడికి ముందు వెనక చెక్క వదిలింది, తర్వాత ఒరిగిన బరువంతా ఆ ఒక్క బోల్టు మీద పడి బెజ్జం చిరిగింది.

తలుపులు, అరలు తీసేశారు. బీరువాని ఇద్దరు పట్టుకుని ఎడమ పక్క నేలకి ఆనేలా దుప్పటి మీద పడుకోబెట్టారు, ఇప్పుడు కుడి చెక్క పైన ఉంది. వెనక చెక్కని పట్టిన కుడి వైపు మేకులు లాగేసి, కుడి క్యామ్‌లన్నీ వెనక్కి తిప్పి చెక్కని నిటారుగా పైకి ఎత్తారు. ఊపుతూ ఎత్తితే డోవెల్‌లు విరుగుతాయి. ఆ చెక్కని టేబుల్ మీద పెట్టి పైన చెప్పినట్టు గుల్ల బెజ్జం పూడ్చారు, అది ఆరేలోపు మిగతా డోవెల్‌లు చూస్తే ఒకటి సగానికి విరిగి ఉంది, దాన్నీ మార్చారు.

మర్నాడు బోల్టు బిగించి కుడి చెక్కని డోవెల్‌ల మీదికి దించి, చేత్తో పూర్తిగా నొక్కి, క్యామ్‌లు అర చుట్టు తిప్పారు. బీరువాని నిలబెట్టే ముందు ముఖం నేల వైపు ఉండేలా తిప్పి మళ్లీ టేపు పెట్టారు. పొడుగ్గా వచ్చిన మూలల్ని కొంచెం నొక్కుతూ రెండు కొలతలూ 2175 దగ్గర కలిసేదాకా సర్ది, ఆ స్థితిలోనే వెనక చెక్కని బిగించారు. మేకులకి బదులు వాషర్ వేసిన చిన్న స్క్రూలు, సుమారు ఆరంగుళాలకి ఒకటి. వెనక చెక్క బిగిసిన తర్వాత కొలత మార్చడం కుదరదు, కాబట్టి ఈ వరస తప్పకూడదు. తలుపులు పెడితే కబ్జాలు ముట్టుకోకుండానే పై అంచులు కలిశాయి.

క్యామ్ కూర్చునే గుంటే అంచు వైపుకి పగిలిపోయింది. బాగవుతుందా?

సన్న పగులైతే అవుతుంది. నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీ కలిపి పగుల్లోకి పోసి, పైనా కిందా సెల్లో టేపు అంటించిన చెక్క ముక్కలు పెట్టి క్లాంప్ బిగించి రాత్రంతా ఉంచండి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం లోపలికి ఇంకే లోపే బిగుసుకుంటుంది, అందుకే వద్దంటున్నాను. ఎపాక్సీ క్యామ్‌కి అంటకూడదు, దాన్ని ముందే తీసేయండి.

ముక్క ఊడిపోయి గుంట అంచు వైపు తెరుచుకుపోతే ఆ క్యామ్‌ని వదిలేయడమే మంచిది. బయటి నుంచి కన్‌ఫర్మాట్ వేయండి, బయట తల కనపడకూడదంటే లోపలి మూలలో లోహపు ఎల్ యాంగిల్ వేయండి.

క్యామ్ స్థానంలో కన్‌ఫర్మాట్ ఎలా వేయాలి?

పాత క్యామ్‌కీ డోవెల్‌కీ మధ్య ఖాళీ చోట, చెక్క చివర నుంచి కనీసం రెండంగుళాలు లోపలికి గుర్తు పెట్టుకోండి. చెక్కలు బిగించి, క్లాంప్ వేసి ఉన్నప్పుడే డ్రిల్ చేయాలి. నిలువు చెక్కలో 7 మి.మీ. బెజ్జం, అడ్డ చెక్క అంచులో 5 మి.మీ. బెజ్జం, తల కూర్చోడానికి పైన చిన్న గుంట. మూడూ ఒకేసారి వేసే మెట్ల బిట్ కన్‌ఫర్మాట్ బిట్ పేరుతో దొరుకుతుంది, రెండు మూడు జాయింట్లు చేయాలన్నా అది కొనడం దండగ కాదు. 5 బెజ్జం వేయకుండా స్క్రూ నెట్టితే అంచు ఉబ్బి పొరలుగా విచ్చుకుంటుంది, ఆ తర్వాత అక్కడ ఏమీ నిలవదు. డ్రిల్ నిటారుగా ఉందో లేదో పక్క నుంచి ఇంకొకర్ని చూడమనండి, ఒరిగితే మొన చెక్క పక్కనుంచి బయటికి వస్తుంది.

ఉన్న కన్‌ఫర్మాటే వదులైతే?

స్క్రూ తిప్పితే ఆగకుండా తిరుగుతోందంటే అంచులో మరలు పోయాయి. అన్నిటికంటే సులువు, అర అంగుళమో అంగుళమో కాకుండా అంగుళంన్నర పక్కకి జరిగి కొత్త చోట ఇంకోటి వేయడం. జరిగే వీల్లేకపోతే అంచులో 10 మి.మీ. బెజ్జం వేసి పొడవాటి డోవెల్ జిగురుతో దించి, ఆరాక 5 బెజ్జం వేయాలి. 16 మి.మీ. బోర్డులో అటూ ఇటూ మిగిలేది 3 మి.మీ. మాత్రమే, డ్రిల్ చేసేటప్పుడూ జిగురు ఆరేటప్పుడూ రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి క్లాంప్ బిగించి ఉంచాల్సిందే.

డోవెల్‌లకి జిగురు పెట్టాలా?

ఎప్పటికీ విప్పరంటే పెట్టండి, జాయింటు చాలా గట్టిపడుతుంది. అద్దె ఇల్లయితే ఒక వైపే, అంటే అడ్డ చెక్క అంచులో ఉండే సగానికే పెట్టండి, రెండో సగం పొడిగా వదిలేస్తే విప్పేటప్పుడు ఇబ్బంది ఉండదు. లామినేట్ మీద ఫెవికాల్ అంటదు కాబట్టి రెండు చెక్కల మధ్య పూసి లాభం లేదు, జిగురు బెజ్జం లోపలికే.

ఫెవిక్విక్ పోస్తే చాలదా?

పొట్టు రాలే బెజ్జం గోడని గట్టిపరచడానికి పనికొస్తుంది, ఖాళీ పూడ్చడానికి పనికిరాదు. పెళుసుగా ఉంటుంది, ఊపుకి పగులుతుంది. పైగా ఒకసారి పోశాక ఆ గోడలోకి ఫెవికాల్ ఇంకదు, అంటే తర్వాత డోవెల్ పెట్టాలనుకున్నా ముందు ఆ పొరంతా డ్రిల్‌తో తీసేయాలి.

నీళ్లకి ఉబ్బిన అడుగు చెక్కకి ఏ ఫిట్టింగు పెట్టాలి?

ఏదీ పెట్టకండి. ఒకసారి ఉబ్బిన పార్టికల్ బోర్డు ఆరినా మళ్లీ పాత మందానికి రాదు, లోపల పొట్టుకి పొట్టుకి మధ్య పట్టు పోయి ఉంటుంది. ఆ ఒక్క చెక్కని అదే మందం ప్లైవుడ్‌తో కోయించి మార్చుకోండి, పాత చెక్కనే పెట్టి బెజ్జాలు గుర్తు పెట్టొచ్చు. తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడిచేటప్పుడు నీళ్లు అంచుకి తగలకుండా అడుగున ప్లాస్టిక్ బుడిపెలు వేసి నేల నుంచి అర అంగుళం లేపండి.

షాపుకి వెళ్లి ఏమని అడగాలి?

పాత క్యామ్, బోల్టు రెండూ జేబులో వేసుకెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లో రకరకాలు ఉంటాయి, చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మూడు కొలతలు రాసుకుంటే తప్పు సరుకు రాదు: బోర్డు మందం, క్యామ్ గుంట వెడల్పు, గుంట మధ్య నుంచి చెక్క అంచు దాకా దూరం. ఈ మూడోది ఎక్కువగా 24 లేదా 34 మి.మీ. ఉంటుంది, బోల్టు పొడవు దానికి తగ్గట్టు ఉండాలి. క్యామ్ ఒక కంపెనీది, బోల్టు ఇంకో కంపెనీది కలపొద్దు, బొడిపె సైజులు తేడా వస్తాయి.

ఇల్లు మారుతున్నాం. విప్పడమా, అలాగే తీసుకెళ్లడమా?

పార్టికల్ బోర్డు బీరువా అయితే విప్పండి. ముందు వెనక చెక్క, తర్వాత క్యామ్‌లు వెనక్కి తిప్పడం, తర్వాత చెక్కల్ని నిటారుగా లాగడం. బోల్టుల్ని చెక్కలోంచి తీయకండి, తీసి పెట్టిన ప్రతిసారీ మరల పట్టు తగ్గుతుంది. కానీ పొడుచుకొచ్చిన బోల్టుల మీద బరువు పడకుండా ఆ వైపు థర్మాకోల్ కట్టాలి. ఒక్కో చెక్క మీద మాస్కింగ్ టేపు అంటించి కుడి, ఎడమ, పై, కింద, ముందు అని రాయండి. విప్పడం కుదరకపోతే నలుగురు ఎత్తి మోయాల్సిందే, నెట్టొద్దు, ఈడ్చొద్దు.

కొత్త ఇంట్లో బిగించాక నేల వాలు చూసి, కాలు కిందికి పలుచటి ముక్క పెట్టి సమం చేయండి. ఎత్తు బీరువాని పైన గోడకి ఒక యాంగిల్‌తో కచ్చితంగా బిగించండి, పిల్లలు సొరుగులు లాగి వాటి మీదికి ఎక్కితే అది ముందుకి పడిపోతుంది. నెల తర్వాత ఒకసారి క్యామ్‌లన్నీ చేత్తో చూసి, వదులుగా ఉన్నవి మాత్రమే కొంచెం తిప్పండి.